పసుపు గుడ్డ మీద సున్నం

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చే రోజుల్లో గూడెం కొత్తవీధి చుట్టుపక్కల ఊళ్లలో పసుపు ఉడుకుతూ ఉంటుంది. తవ్వితీసిన దుంపల మట్టి కడిగి, పెద్ద గుండిగలో నీళ్లు పోసి, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తారు. ముప్పావుగంట నుంచి గంట దాకా పడుతుంది. నురుగు పొంగి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన ఘాటుగా లేచిందంటే దించాలన్నమాట. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము పెళుసుగా విరుగుతుంది, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఈ కొండల మీద కాఫీ గురించి, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియం తీగల గురించి పత్రికల వాళ్లు తెగ రాస్తారు. పసుపును మాత్రం ఇంట్లో మనిషిలా ఎవరూ పట్టించుకోరు.

ఆ గుండిగ దగ్గర నిలబడితే నాలాంటి కెమిస్ట్రీ వాడికి ఒక సందేహం రావాలి. గంటసేపు మరిగిన నీళ్లు లేత పసుపురంగుకు తిరుగుతాయే గానీ, దుంపలో రంగు దుంపలోనే ఉంటుంది. కాఫీ గింజలకైతే, టీ ఆకుకైతే ఇది చెల్లదు. నీళ్లు తగిలితే చాలు, అవి తమలో ఉన్నది ఇచ్చేస్తాయి. ఈ మాటే పొయ్యి దగ్గరున్న ఒక పెద్దాయనతో అంటే నవ్వేశాడు. "నీళ్లకి పోయే రంగైతే ఇంతమందిమి ఎందుకు పండిస్తాం బాబూ? నూనెలో వెయ్యి, అప్పుడు చూడు." వంటింట్లో తాలింపు వేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. పులుసులో చల్లిన పసుపు పలుకులు పలుకులుగా తేలుతుంది, కాగిన నూనెలో వేసింది ఒక్క క్షణంలో నూనెంతా పరుచుకుంటుంది.

ఆ రంగు పేరు కర్క్యుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియే అనే ఇద్దరు దాన్ని పసుపు నుంచి వేరుచేశారు. దాని కట్టడం ఏమిటో తేలడానికి మరో తొంభై అయిదేళ్లు పట్టింది. 1910లో మిలొబెంద్స్కా, కొస్తానెత్స్కీ, లాంపే తేల్చారు. C21H20O6 అని రాస్తే ఏమీ తెలియదు. ఇరవై ఒక్క కార్బన్లు, ఇరవై హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు అని లెక్క చెప్పినట్టవుతుంది, అంతే. ఏ ఆక్సిజన్ ఎక్కడ కూర్చుంది, దాని పక్కన ఎవరున్నారు అన్నదే అసలు సంగతి. ఇంటర్మీడియట్‌లో ప్రమేయ సమూహాలు అని ఒక పట్టిక వల్లె వేయిస్తారు. OH ఉంటే ఆల్కహాల్, CHO ఉంటే ఆల్డిహైడ్, COOH ఉంటే ఆమ్లం. ఆ పట్టికతో పరీక్ష గట్టెక్కవచ్చు. పసుపు అణువు ముందు కూర్చుంటే మాత్రం సగం దూరం కూడా వెళ్లలేం.

అణువును కాగితం మీద గీసి చూద్దాం. రెండు కొసల్లో రెండు బెంజీన్ వలయాలు. రెండింటినీ కలుపుతూ ఏడు కార్బన్ల గొలుసు. ఒక్కో వలయం మీద రెండు ఆక్సిజన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి హైడ్రోజన్ ఉంది, అంటే OH. రెండోదానికి హైడ్రోజన్ ఉండాల్సిన చోట మిథైల్ ఉంది, అంటే OCH3. గొలుసు మధ్యలో ఇంకో రెండు ఆక్సిజన్లు, ఒక కార్బన్ ఎడంగా. మొత్తం ఆరు. ఇప్పుడు మన పట్టిక ప్రకారం OH అంటే నీళ్లతో చెలిమి. రెండు OHలు ఉన్నా కర్క్యుమిన్ నీళ్లలో ఎందుకు కరగదు? ఎందుకంటే ఆ రెండు OHలు లాగాల్సిన బరువు ఇరవై ఒక్క కార్బన్లు. ఇప్పసారాలో ఉన్న ఇథైల్ ఆల్కహాల్‌లో ఒక OH కింద రెండే కార్బన్లు ఉన్నాయి. అందుకే అది నీళ్లలో ఎంత పోస్తే అంత కలిసిపోతుంది. సమూహం ఏదో గుర్తుపడితే చాలదు, అది ఎంత కార్బన్‌ను మోస్తోందో కూడా చూడాలి. కర్క్యుమిన్ సారాలో కరుగుతుంది, నూనెలో కొంత కరుగుతుంది, నీళ్లలో కరగదనే చెప్పుకోవాలి. గుండిగలో మనం చూసింది ఇదే.

ఇక సున్నం సంగతి. పసుపులో కాస్త సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. పసుపు మరక పడ్డ తువాలుకు సబ్బు రుద్దితే ఎర్రబడటం, జాడిస్తే మళ్లీ పసుపుగా తిరగడం కూడా అదే. సబ్బునురుగులో క్షారం ఉంటుంది. నీళ్లు పోసేకొద్దీ అది పలచబడి కొట్టుకుపోతుంది, రంగు వెనక్కి వస్తుంది. ఎర్రబడ్డ గుడ్డ మీద నిమ్మకాయ పిండితే జాడించే పని కూడా ఉండదు, వెంటనే పసుపవుతుంది.

క్షారం చేసే పని చిన్నదే. OH దగ్గరి హైడ్రోజన్‌ను ప్రోటాన్‌గా లాక్కుంటుంది. అయితే అదే సున్నపు తేటను ఇప్పసారాలో పోస్తే ఏమీ జరగదు. అక్కడా OH ఉందిగా మరి? ఒకే ఇంటిపేరున్న ముగ్గురు అన్నదమ్ములు మూడు ఊళ్లకు ఇల్లరికం వెళితే, ఎవరి చెయ్యి ఎంత ధారాళమో అత్తవారిళ్లను చూసి చెప్పాలి. సారాలోని OH వెనక ఉన్నది మామూలు కార్బన్. హైడ్రోజన్‌ను వదిలేస్తే మిగిలే రుణావేశాన్ని ఆక్సిజన్ ఒక్కటే మోయాలి, పంచుకునేవాళ్లు లేరు. అందుకని వదలదు. పసుపులోని OH వెనక బెంజీన్ వలయం ఉంది. మిగిలిన ఆవేశం వలయంలోకి, అక్కడి నుంచి గొలుసులోకి సర్దుకుంటుంది. అందుకని సున్నం గట్టిగా అడిగితే ఇస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లంలో OH వెనక కార్బన్‌కు ఇంకో ఆక్సిజన్ జంటబంధంతో అంటుకుని ఉంది. అక్కడ ఇద్దరు ఆక్సిజన్లు ఆవేశాన్ని సమంగా పంచుకుంటారు. అందుకే అది సున్నం దాకా ఆగదు, నీళ్లు తగిలితేనే కొంత వదులుతుంది. నాలుక మీద పులుపు అదే.

ఈ తేడాకు అంకెలున్నాయి. pKa అనే కొలతలో సారాకు 16 దరిదాపు, పసుపులోలా వలయం మీద OH ఉన్న మామూలు ఫీనాల్‌కు 10, చింతపండు ఆమ్లానికి 3. అంకె ఒకటి తగ్గిందంటే హైడ్రోజన్‌ను వదిలే గుణం పదింతలు పెరిగినట్టు. అంటే సారాకూ చింతపండుకూ మధ్య పది లక్షల కోట్ల రెట్ల దూరం. టార్టారిక్ ఆమ్లంలో ఇంకో తమాషా ఉంది. ఒకే అణువులో రెండు సారా తరహా OHలు, రెండు ఆమ్లం తరహా OHలు పక్కపక్కనే కాపురముంటాయి. సున్నం వేస్తే ఆమ్లం తరహావే తమ హైడ్రోజన్లు ఇస్తాయి, మిగతా రెండూ ఊరుకుంటాయి. పట్టికలో చూస్తే అన్నీ OHలే.

పసుపులోని OCH3 సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అదీ ఆక్సిజనే, వలయం మీదే ఉంది. కానీ ఇవ్వడానికి దాని దగ్గర హైడ్రోజన్ లేదు. సున్నం దాని జోలికే పోదు. పొరుగున ఉన్న OH ఇస్తుంటే ఇది చూస్తూ ఉంటుంది.

ఎరుపు ఎందుకొస్తుందో ఇంకా చెప్పలేదు. కర్క్యుమిన్ గొలుసులో ఒక బంధం ఒంటరిది, పక్కది జంట, మళ్లీ ఒంటరి, మళ్లీ జంట. ఈ వరస ఒక వలయం నుంచి రెండో వలయం దాకా దాదాపు తెగకుండా సాగుతుంది. అలాంటి పొడవాటి వరసలో ఎలక్ట్రాన్లు కంటికి కనిపించే వెలుగునే పీల్చుకోగలవు. కర్క్యుమిన్ సుమారు 425 నానోమీటర్ల దగ్గర, అంటే ఊదా నీలం వెలుగును పీలుస్తుంది. మిగిలిన వెలుగు మనకు పసుపుగా కనబడుతుంది. సున్నం హైడ్రోజన్‌ను తీసేశాక ఆ రుణావేశం గొలుసంతా తిరుగుతుంది, పీల్చే వెలుగు నీలం దాటి ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అప్పుడు మిగిలేది ఎరుపు. హైడ్రోజన్ తిరిగి వస్తే లెక్క మొదటికి వస్తుంది. నిమ్మరసం చేసేది అదే.

ఇక్కడే నాకు చాలాకాలం నచ్చిన చిక్కుముడి ఒకటుంది. పాతకాలంలో కుంకుమ ఇంట్లోనే చేసేవాళ్లు. పసుపు కొమ్ములను నిమ్మరసంలో నానబెట్టి, వెలిగారం, పటిక కలిపి ఎండబెట్టి దంచితే ఎర్రటి కుంకుమ వచ్చేది. నిమ్మరసం ఎరుపును పోగొడుతుందని ఇప్పుడే కదా అనుకున్నాం! నిమ్మరసంలోనే పుట్టిన ఎరుపుకు కారణం OH అయ్యే వీల్లేదు. అణువులో వేరే చోటు వెతకాలి.

ఆ చోటు గొలుసు మధ్యలో ఉంది. అక్కడి రెండు ఆక్సిజన్లను పుస్తకంలో కీటోన్లుగా గీస్తారు, రెండు C=Oలు, మధ్యలో ఒక కార్బన్. నిజానికి అణువు అలా ఉండటానికి ఇష్టపడదు. మధ్య కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి జరిగి ఒక ఆక్సిజన్ మీదికి ఎక్కుతుంది, రెండో ఆక్సిజన్ దాన్ని అటునుంచి పట్టుకుంటుంది. కీటోన్‌గా ఉండాల్సింది ఈనాల్ అవుతుంది. గొలుసులో వరస తెగకుండా ఉండటానికి కారణం కూడా ఈ సర్దుబాటే. ఒక హైడ్రోజన్‌ను ఇద్దరు ఆక్సిజన్లు రెండు వైపులా పట్టుకున్న ఈ చోటు లోహాలకు, బోరాన్‌కు సరిగ్గా సరిపోయే పట్టు. వెలిగారంలో బోరాన్ ఉంది. పులుపు సమక్షంలో అది హైడ్రోజన్ స్థానంలో వచ్చి ఆ రెండు ఆక్సిజన్ల మధ్య కూర్చుంటుంది, గొలుసులో ఎలక్ట్రాన్ల నడక మారిపోతుంది, ఎరుపు వస్తుంది. ఇంట్లో కుంకుమ దంచినవాళ్లు చేసినదాన్నే తర్వాత ప్రయోగశాలలు బోరాన్‌ను పట్టుకునే పరీక్షగా వాడుకున్నాయి. పసుపు పూసిన కాగితం మీద ఆమ్లం కలిపిన బోరిక్ ద్రావణం వేసి ఆరబెడితే ఎర్రబడుతుంది, దానికి అమ్మోనియా తగిలిస్తే ఆకుపచ్చ కలిసిన నలుపుకు తిరుగుతుంది. సున్నపు ఎరుపు ఎప్పటికీ అలా తిరగదు. రెండు ఎరుపులు కంటికి ఒకటే, అణువులో మాత్రం వేరువేరు గదుల్లో పుట్టినవి.

సబ్బుకు లొంగని పసుపు మరక రెండు రోజుల ఎండకు వెలిసిపోవడానికి కూడా ఆ మధ్యగదే కారణం. వెలుగును పీల్చే గొలుసు వెలుగు దెబ్బ కూడా తింటుంది. గాలిలోని ఆక్సిజన్ తోడై గొలుసు తెగితే ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కల్లో ఒకటి వెనిలిన్, ఐస్‌క్రీమ్‌లో వాసన వేసే వెనిలా పదార్థం. అదే వలయం, అదే OH, అదే OCH3, గొలుసు ఉండాల్సిన చోట CHO మాత్రం ఉంటుంది. వరస పొట్టిదైపోయింది కాబట్టి రంగు లేదు. అణువు చిన్నదైంది కాబట్టి గాలిలోకి లేవగలదు, అందుకే దానికి వాసన ఉంది. 183 డిగ్రీల దగ్గర గానీ కరగని కర్క్యుమిన్‌కు వాసనంటూ ఏమీ లేదు. గుండిగ దగ్గర ముక్కుకు తగిలేది కర్క్యుమిన్ కాదు, టర్మెరోన్లనే నూనెలు. అవి పదిహేను కార్బన్ల కీటోన్లు, ఒక్క OH కూడా లేనివి. తమలో తాము పట్టుకుని ఉండటానికి OHలు లేకపోతే అణువులు తేలిగ్గా ఆవిరితో లేచిపోతాయి. డబ్బాలో రెండేళ్లు మూతపెట్టి చీకట్లో ఉంచిన పసుపుకు రంగు ఉండి వాసన పోవడం, కొట్టులో ఎండ తగిలే సీసాలో ఉన్నదానికి రంగు పాలిపోవడం, రెండూ వేరువేరు అణువుల కథలు. పాతబడింది అని ఒకే మాట అనేస్తాం.

సంతలో కొన్న కొమ్ములకు కల్తీ భయం తక్కువ, పొడికి ఎక్కువ. మెటానిల్ ఎల్లో అనే రంగును పసుపుపొడిలో కలుపుతారు. కంటికి తేడా తెలియదు. కానీ దాని అణువులో SO3Na అనే సమూహం ఉంది. అది నీళ్లలోకి దిగగానే సోడియం విడిపోయి, రుణావేశంతో మిగులుతుంది. ఆవేశం ఉన్నదాన్ని నీళ్లు చుట్టుముట్టి లాక్కుపోతాయి. చాలా అద్దకం రంగులకు ఆ సమూహం తగిలించేది నీళ్లలో కరగడం కోసమే. కాబట్టి గ్లాసుడు నీళ్లలో చెంచాడు పొడి వేసి కదపకుండా ఉంచితే చాలు. మంచి పసుపు అడుక్కి దిగుతూ నీళ్లకు లేత ఛాయ ఇస్తుంది. కల్తీదైతే నీళ్లు చిక్కటి పసుపవుతాయి. కొండమీది గుండిగలో రంగు ఎందుకు దిగలేదో అర్థమైనవాడికి ఈ పరీక్ష విడిగా నేర్పక్కర్లేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసే పరీక్ష ఒకటుంది గానీ అందులో తొందరపడితే పొరపడతాం. గాఢ ఆమ్లంలో అసలు పసుపు కూడా ఎర్రబారుతుంది. నీళ్లు పోసి పలచన చేశాక ఆ రంగు పోతే మంచిది, గులాబీ రంగు నిలిచిపోతే కల్తీ. ఆ నిలిచే గులాబీ మెటానిల్ ఎల్లోలోని రెండు నైట్రోజన్ల జంటది, N=N ది.

మిరియం మాట ఎత్తి వదిలేశాను. దానిలోని ఘాటు పైపరిన్. దాన్ని 1819లో వేరుచేసినవాడు ఓర్‌స్టెడ్, మరుసటేడు కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూసి పేరు తెచ్చుకున్న భౌతికశాస్త్రవేత్తే. పైపరిన్‌లో నైట్రోజన్ ఉంది. అమ్మోనియా తరహా నైట్రోజన్ అంటే క్షారం, పులుపులో కరిగిపోవాలి. ఇది కరగదు. ఎందుకంటే ఆ నైట్రోజన్ పక్కనే C=O ఉంది, నైట్రోజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటను అది తన వైపు లాగేసుకుంటుంది. ఆ రెండింటినీ కలిపి ఎమైడ్ అంటారు. అలాగే పైపరిన్ వలయం మీద కర్క్యుమిన్ మాదిరే రెండు ఆక్సిజన్లు పక్కపక్కన ఉన్నాయి, కానీ రెండింటినీ ఒకే CH2 బిగించి కట్టేసింది. ఒక్క OH కూడా లేదు. సున్నం కలిపినా మిరియం రంగు మారకపోవడానికి ఇంకో కారణం వెతకనవసరం లేదు.

ఈ OH ఉన్నదీ లేనిదీ కడుపులోకి వెళ్లాక పెద్ద తేడా అవుతుంది. పేగుల్లో, కాలేయంలో OH కనబడితే చాలు, దానికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి బయటికి పంపే ఏర్పాటు ఉంది. కర్క్యుమిన్‌కు రెండు కొసల్లోనూ పట్టుకోవడానికి పిడుల్లా OHలున్నాయి. రక్తంలోకి చేరేది అత్యల్పం. పైపరిన్ ఆ ఏర్పాటును కాసేపు అడ్డుకుంటుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషులకు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి, ఒంటికి పట్టేది 2000 శాతం పెరిగిందని ప్రచురించారు. పసుపు మాత్రల డబ్బాల మీద ఆ అంకె ఇప్పటికీ తిరుగుతోంది. దాదాపు ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు అంటే ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. పైపరిన్ ఒక్క కర్క్యుమిన్‌నే కాపాడదు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి మందులు కూడా రక్తంలో పెరిగేలా చేస్తుంది. మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ మాత్రలు మింగకూడదు.

ప్రయోగశాలలో కర్క్యుమిన్ ఎన్ని రోగాల మీద పనిచేసినట్టు కనిపించిందో చెప్పలేం. కారణం మళ్లీ ఆ సమూహాలే. ఆక్సిజన్‌కు హైడ్రోజన్ ఇచ్చే ఫీనాల్, లోహాలను పట్టుకునే మధ్యగది, ప్రోటీన్లకు అతుక్కునే జంటబంధాలు, మీటరును తికమక పెట్టే రంగు. ఏ పరీక్షలో పెట్టినా ఏదో ఒక సమూహం స్పందిస్తుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు ఒక పెద్ద సమీక్షలో ఈ సంగతే రాశారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, ప్లాసిబోతో పోల్చిన డబుల్ బ్లైండ్ ప్రయోగాల్లో ఒక్కటీ నెగ్గలేదని లెక్క తేల్చారు.

ఆ 1998 నాటి మోతాదును వంటింటి కొలతలోకి మార్చి చూశాను. మిరియాల్లో ఘాటు అయిదు శాతం అనుకుంటే 20 మిల్లీగ్రాముల పైపరిన్‌కు అరగ్రాము కూడా అక్కర్లేదు, చారులో కొన్ని గింజలు ఎక్కువ పడ్డట్టు. పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం లెక్కన రెండు గ్రాములకు కావాల్సిన పొడి 67 గ్రాములు. అంత పసుపు వేసిన చారును గూడెం కొత్తవీధిలో పండించినవాళ్లు కూడా నోట పెట్టలేరు.